ఆదివారం ప్రశ్న

మా నిర్వహణ విభాగంలో ప్రతి సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఒక చిన్న సమావేశం జరుగుతుంది. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో మేము దానిని ఎప్పుడూ ఒకే ప్రశ్నతో ఆరంభించేవారము: "ఏమైనా సమస్యలున్నాయా?" అందరూ ఒక్క గొంతుతో "ఏమీ లేవు సార్" అనేవారు. ఆ మధ్యాహ్నమే ఏదో ఒక పంపు బేరింగు పట్టేసేది. ఇలా కొంతకాలం జరిగిన తరువాత, పదవీ విరమణకు దగ్గర పడిన ఒక ఫిట్టరుగారు మమ్మల్ని పక్కకు పిలిచి, "సార్, సమస్య ఉందా అంటే ఎవరు చెబుతారు? చెప్పినవాడి నెత్తినే ఆ పని పడుతుంది. నిన్న రాత్రి ఏ పంపు శబ్దం మారిందో అడగండి, చెబుతారు" అన్నారు. మరుసటి సోమవారం అలాగే అడిగాము. మూడు పంపుల పేర్లు వచ్చాయి.

ఈ పాఠం ఫ్యాక్టరీ గేటు దాటి బయట కూడా పనికి వస్తుందని మేము ఊహించలేదు. చివరకు అది మా ప్రాణం మీదకే వస్తుందని అంతకన్నా ఊహించలేదు.

మా క్వార్టరు ఎదురింటి అమ్మాయి వ్యాయామ శిక్షకురాలు. ఆమె తండ్రి మాతోపాటు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. ఉదయం అయిదున్నరకు కమ్యూనిటీ హాలులో మన ఉద్యోగుల కుటుంబాలకు తరగతులు నడుపుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆమెకు ఒక ఖాతా ఉన్నది. దానిని అనుసరించేవారు సుమారు 1,800 మంది. వారిలో ఎక్కువమంది ముప్పై అయిదు దాటిన గృహిణులు, మన వంటి కుర్చీ ఉద్యోగులు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆమె వారికి ఒక ప్రశ్న వేస్తుంది. ఈ రంగంలో అందరూ చేసే పనే ఇది. రోజూ శిక్షకులే మాట్లాడుతూ ఉంటారు కనుక, వారానికి ఒకసారైనా ఎదుటివారు మాట్లాడాలని దాని ఉద్దేశము.

రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, "బాబాయిగారూ, వ్యాయామం వీడియో పెడితే వందలమంది చూస్తారు. ప్రశ్న అడిగితే మాత్రం నలుగురే పలుకుతారు. అందులో ఒకరు మా అక్క" అని దిగులుగా చెప్పింది. ఏమి అడిగావమ్మా అంటే ఫోను చూపించింది. "ఈ వారం మీ ఫిట్‌నెస్ లక్ష్యం ఏమిటి?" అని ఉన్నది.

మాకు మా సోమవారం సమావేశం గుర్తుకు వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఒక లక్ష్యం ఉండాలి. దానిని పదిమంది ముందు రాయాలి. రాసినది నెరవేరకపోతే వచ్చే వారం ముఖం చూపించడానికి సిగ్గుపడాలి. పోయిన వారం నడక మానేసిన మనిషి ఈ వారం ఏమని రాస్తాడు? చదివి, నిట్టూర్చి, ముందుకు సాగిపోతాడు. శిక్షకురాలికి ఎవరి మాట అవసరమో సరిగ్గా వారే మౌనంగా ఉండిపోతారు. జవాబు చెప్పేవారు ఎలాగూ క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారే.

అంతకు ముందు ఆమె మరొక ఉపాయం కూడా చేసి చూసింది. "ఆరోగ్యమే మహాభాగ్యం అని నమ్మేవారు కింద 'అవును' అని రాయండి" అని పెట్టింది. ఆ వారం నూట నలభై జవాబులు వచ్చాయి. "మరి అది బాగానే పనిచేసింది కదమ్మా" అని మా శ్రీమతి అన్నది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "నూట నలభై 'అవును'లు వచ్చాయి పిన్నిగారూ. వాటిని చదివి నేను మరునాడు తరగతిలో ఏం మార్చాలి?" ఆ మాటతో ఆమె పట్ల మా గౌరవం పెరిగింది. మీటరు ముల్లు కదిలినంత మాత్రాన కొలత జరిగినట్లు కాదు. ఇటువంటి ఎరలకు మరొక నష్టం కూడా ఉన్నది. ఓట్లు, వ్యాఖ్యలు, పంపకాలు అడిగి రాబట్టే ఇటువంటి రాతలను తక్కువ మందికి చూపిస్తామని ఫేస్‌బుక్ సంస్థ 2017 డిసెంబరులోనే ప్రకటించింది.

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ముగ్గురమూ ఒక ప్రశ్న తయారు చేశాము. దానికి మేము పెట్టుకున్న నియమాలు మూడే. మొదటిది, మనిషి గుణాన్ని గాని సంకల్పాన్ని గాని అడగరాదు. నిన్నో మొన్నో అతని శరీరానికి జరిగిన దానిని అడగాలి. రెండవది, ఒక్క మాటతో జవాబు చెప్పగలగాలి, ఇష్టమున్నవారు పది మాటలు రాసుకోవచ్చు. ఏ జవాబు చెప్పినా చెప్పినవారు చిన్నబోరాదు. మూడవది అన్నింటికన్నా ముఖ్యమైనది. వేర్వేరు జవాబులకు శిక్షకురాలు చేసే పని వేర్వేరుగా ఉండాలి. అలా లేకపోతే ఆ ప్రశ్న అడగనే కూడదు. ఏ చర్యకూ దారి తీయని రీడింగును లాగ్‌బుక్కులో రాయించడం మనిషి చేత వృథా చాకిరీ చేయించడమే.

ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు ప్రశ్న ఇలా వెలువడింది: "నిన్న మెట్లెక్కినప్పుడు మీకు మొదట ఏది అలిసింది? ఊపిరా, మోకాళ్లా, తొడలా? నాకు ఎడమ మోకాలు." చివరి వాక్యం ఆ అమ్మాయే చేర్చింది. ఆమెకు కాలేజీలో ఖోఖో ఆడినప్పటి పాత దెబ్బ ఒకటి ఉన్నది. శిక్షకురాలి మోకాలికే నొప్పి ఉంటే మన మోకాలి సంగతి చెప్పుకోవడానికి సిగ్గెందుకు అని చదివినవారికి అనిపించి ఉంటుంది. సోమవారం రాత్రికి అరవై ఒక్క జవాబులు వచ్చాయి. మోకాళ్లు ముప్పై ఒకటి, ఊపిరి పంతొమ్మిది, తొడలు ఎనిమిది, ఈ మూడింటిలో దేనికీ చెందనివి మూడు.

మేము ముచ్చటపడినది సంఖ్యను చూసి కాదు, జవాబుల పొడవును చూసి. "ఎక్కేటప్పుడు ఏమీ లేదు, దిగేటప్పుడే కళుక్కుమంటుంది" అని ఒకామె రాసింది. దాని కింద మరో ఇద్దరు "మాకూ అంతే" అన్నారు. మోకాలి చిప్ప దగ్గర నుంచి వచ్చే నొప్పి తరచుగా దిగేటప్పుడే ఎక్కువగా తెలుస్తుందట. దిగేటప్పుడు ఒంటి బరువును ఆపుతూ దించవలసినది తొడ ముందరి కండరం. అది బలహీనంగా ఉంటే భారం కీలు మీద పడుతుంది. అందుచేత బుధవారం నాడు ఆమె చిన్న వీడియో ఒకటి చేసింది. "ఆదివారం మీరు దిగేటప్పుడు నొప్పి అన్నారు కదా, ఇది మీ కోసమే" అని మొదలుపెట్టి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి నెమ్మదిగా లేచి అంతకన్నా నెమ్మదిగా కూర్చోవడం ఎనిమిదిసార్లు చేసి చూపించింది. నొప్పి పెరిగితే ఆపమని, మోకాలు వాచి ఉంటే అసలు చేయవద్దని, డాక్టరుకు చూపించుకొమ్మని చెప్పింది. ఊపిరి అన్నవారికి వేరే సలహా ఇచ్చింది. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి గాని పాట పాడలేకుండా ఉండాలి, అదే మధ్యస్థమైన శ్రమ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించినది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఇటువంటి శ్రమ, దానితోపాటు రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామము.

ఇక దేనికీ చెందని ఆ మూడు జవాబుల సంగతి. వాటిలో ఒకటి మాది.

ఆదివారం రాత్రి భోజనమైన తరువాత, అమ్మాయిని ప్రోత్సహించినట్లు ఉంటుందని మేము కూడా ఫోను తీసి రాశాము. "ఊపిరీ కాదు, మోకాళ్లూ కాదు. రెండవ అంతస్తు మలుపు దగ్గర ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కినట్లు ఉంటుంది. ఒక నిమిషం నిలబడితే పోతుంది. గ్యాసు మహిమ!" చమత్కారంగా రాశామని అనుకున్నాము. పది నిమిషాలలో తలుపు తట్టిన చప్పుడు వినిపించింది.

ఆ అమ్మాయి లోపలికి వచ్చి కూర్చోకుండానే అడిగింది. "బాబాయిగారూ, అది మెట్లెక్కినప్పుడే వస్తుందా, కూర్చున్నప్పుడు కూడా వచ్చిందా? ఆగితే ఎంతసేపట్లో పోతుంది? చేతిలోకి గాని దవడలోకి గాని పాకుతుందా? ఎన్నాళ్ల నుంచి?" మేము ఒక్కొక్కదానికీ జవాబు చెబుతూ ఉంటే మా శ్రీమతి ముఖం మారిపోయింది. రెండు నెలల నుంచి వస్తున్నదని ఆమెకూ ఆ రాత్రే తెలిసింది. ఎక్కినప్పుడే వస్తుందని, నిలబడితే రెండు నిమిషాలలోపే పోతుందని, చేతిలోకి పాకలేదని చెప్పాము. "ఇది నేను వ్యాయామంతో సరిచేసేది కాదు. రేపు పొద్దున్నే డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. ఈ రాత్రి కూర్చుని ఉండగా వస్తే తెల్లవారేదాకా ఆగకండి, 108కి ఫోను చేయండి" అని చెప్పి వెళ్లింది.

ఆమెకు అంత త్వరగా ఎలా అనుమానం కలిగిందని తరువాత అడిగాము. కొత్తవారిని వ్యాయామంలో చేర్చుకొనే ముందు శిక్షకులు అడగవలసిన ప్రశ్నావళి ఒకటి ఉన్నదట. పార్-క్యూ అంటారు, కెనడా దేశంలో పుట్టినది. అందులో ప్రశ్నలు ఏడే. శారీరక శ్రమ చేసినప్పుడు మీ ఛాతీలో నొప్పి వస్తుందా అన్నది వాటిలో ఒకటి. మేము ఆమె తరగతిలో ఎన్నడూ చేరలేదు కనుక ఆ ప్రశ్న మా దాకా రాలేదు.

సోమవారం ఆసుపత్రిలో తీసిన ఈసీజీ బాగానే ఉన్నది. మేము తేలికపడి లేవబోయాము. డాక్టరుగారు కూర్చోమన్నారు. పడుకుని ఉన్నప్పుడు తీసిన ఈసీజీ బాగుంటే శ్రమలో కూడా బాగుంటుందని చెప్పలేమని, ట్రెడ్‌మిల్లు మీద పరీక్షించాలని అన్నారు. భారం లేకుండా తిప్పి మోటారు బాగుందని సర్టిఫికెట్టు ఇవ్వకూడదని మేము ఎందరు కుర్ర ఇంజనీర్లకు చెప్పామో లెక్కలేదు. ట్రెడ్‌మిల్లు మీద మార్పు కనిపించింది. తరువాత తీసిన యాంజియోగ్రాములో ఒక రక్తనాళం బాగా సన్నబడినట్లు తేలింది. స్టెంటు వేశారు. ఇప్పుడు మందులు వాడుతూ, డాక్టరు చెప్పిన మేరకు నడుస్తూ, ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాము.

ఆసుపత్రి మంచం మీద పడుకుని మేము ఎక్కువగా ఆలోచించినది ఒక్కటే. అంతకు నెల రోజుల ముందే మాకు వార్షిక వైద్య పరీక్ష జరిగింది. పరీక్షించిన డాక్టరు కాగితం మీద నుంచి తల ఎత్తకుండా, "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగారు. "ఏమీ లేవు సార్" అని మేము చెప్పాము. అబద్ధం చెప్పాలని కాదు. ఆ ప్రశ్న వినగానే మా మనసులో మెట్ల మలుపు మెదలలేదు. వెనుక వరుసలో నిలబడినవారు, టేబులు మీద ఆగిపోయిన ఫైళ్లు మాత్రమే మెదిలాయి. ముప్పై ఏళ్ల క్రితం మా సమావేశంలో ఫిట్టర్లు చెప్పిన జవాబునే, అదే గొంతుతో, మేము చెప్పి వచ్చాము.

ఈ కథ ఇక్కడితో ఆపితే ఆదివారం ప్రశ్న సర్వరోగ నివారిణి అని పాఠకులు అనుకునే ప్రమాదం ఉన్నది. దాని పరిమితులు కూడా మేము దగ్గరుండి చూశాము.

ఆ వారమే ఆ అమ్మాయి ఉత్సాహంతో "మన టౌన్‌షిప్పులో సగం మందికి మోకాళ్ల నొప్పులు" అని రాయబోయింది. మేము ఆసుపత్రి నుంచే వద్దన్నాము. అరవై ఒక్కరిలో ముప్పై ఒక్కరు నిజమే. కాని జవాబు చెప్పని పదిహేడు వందల పైచిలుకు మంది మాటేమిటి? నొప్పి ఉన్నవారే ఆగి జవాబు రాస్తారు, లేనివారు చూసి పోతారు. కంప్లయింటు రిజిస్టరు చదివి ఫ్యాక్టరీలో ఎన్ని పంపులు బాగున్నాయో చెప్పలేము. ఏ పంపు దగ్గరకు ముందు వెళ్లాలో మాత్రం చెప్పగలము. వారం ప్రశ్న వల్ల తెలిసేది కూడా అంతవరకే.

రెండవ చిక్కు మూడు నెలల తరువాత వచ్చింది. "ఉదయం మందులు వేసుకున్నాక ఎంతసేపటికి నడుస్తారు?" అని ఆమె అడిగింది. ఉద్దేశము మంచిదే. మధుమేహం ఉన్న ఒకాయన తన మాత్ర పేరుతో సహా రాశారు. గంటలోపల ముగ్గురు అపరిచితులు ఆయనకు వైద్యం మొదలుపెట్టారు. ఆ మాత్ర మానేసి మెంతులు తాగమన్నారు ఒకరు. ఆమె చూసేసరికి రాత్రయింది. ఆ సలహాలను తొలగించి, ఆయనకు ఫోను చేసి మాత్ర మానవద్దని బతిమాలుకుంది. అప్పటి నుంచి బరువు, మందులు, జబ్బులు, స్త్రీల విషయాలు నలుగురూ చదివే చోట అడగడం మానేసింది. అటువంటివి అడగవలసి వస్తే ఇన్‌స్టాగ్రామ్ 2018లో తెచ్చిన ప్రశ్నల పెట్టెను వాడుతుంది. అందులో రాసినది ముందుగా ఆమెకే చేరుతుంది. ఆమె దానిని నలుగురికీ చూపించినా రాసినవారి పేరు కనబడదు. ఇంకొక కట్టుబాటు కూడా చేసుకుంది. ప్రశ్న వేసిన తరువాత రెండు గంటలు ఫోను పక్కనే ఉంచుకుంటుంది. ఆ తీరిక లేని ఆదివారం ప్రశ్నే వేయదు. ఆ మొదటి ఆదివారం ఆమె ప్రశ్న వేసి సినిమాకు వెళ్లి ఉంటే మా జవాబును ఎవరు చదివేవారో మేము ఆలోచించదలచుకోలేదు.

ఆమె దగ్గర ఇప్పుడొక గీతల నోటుపుస్తకం ఉన్నది. అందులో నాలుగు గడులు. ప్రశ్న, వచ్చిన జవాబులు, మొదటిసారి పలికినవారు, బుధవారం నేను చేసినది. జవాబుల సంఖ్య తగ్గిన వారాలలో ఆమె ఇప్పుడు దిగులుపడదు. మూడవ గడి ఖాళీగా ఉంటే మాత్రం ప్రశ్న పాతబడిందని గ్రహిస్తుంది. నాలుగవ గడి ఖాళీగా ఉన్న వారం తరువాతి ఆదివారం జవాబులు తగ్గడం ఆమె రెండుసార్లు గమనించింది. మన ఫ్యాక్టరీలో సలహాల పెట్టెలు ఎందుకు ఎండిపోతాయో తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. వేసిన చీటీకి ఏమైందో చెప్పకపోతే రెండవ చీటీ ఎవరు వేస్తారు?

నెలలో చివరి ఆదివారం ఆమె అడిగే ప్రశ్న మాకు అన్నింటికన్నా నచ్చుతుంది. "ఈ నెల నేను చెప్పినవాటిలో మీ ఇంట్లో కుదరనిది ఏది?" మొదటిసారి ఒక గృహిణి ఇలా జవాబిచ్చింది: "ఉదయం ఆరింటికి ఇరవై నిమిషాలు అన్నారు. ఆరింటికి మా ఇంట్లో మూడు టిఫిన్ డబ్బాలు కట్టాలి." ఆ తరువాతి నెల నుంచి ఆ అమ్మాయి పదకొండు గంటలకు, వంటగట్టు పట్టుకుని చేసే పది నిమిషాల వ్యాయామాలు మొదలుపెట్టింది. కమ్యూనిటీ హాలుకు ఏనాడూ రానివారు వాటిని చేస్తున్నారని విన్నాము.

మొన్న సాయంత్రం మేము, మా శ్రీమతి బజారు నుంచి వచ్చి నెమ్మదిగా మెట్లెక్కుతున్నాము. ఆమె మా చెయ్యి పట్టుకుని ప్రతి మలుపు దగ్గర "ఎలా ఉన్నది?" అని అడుగుతున్నది. మేము "బాగానే ఉన్నది" అంటున్నాము. ఉన్నట్టుండి మాకు, ఈ రెండేళ్లలో మేము ఆమెను ఒక్కసారి కూడా అడగలేదని తట్టింది. "నిన్న మెట్లెక్కినప్పుడు నీకు మొదట ఏది అలిసింది?" అని అడిగాము. ఆమె ఒక నిమిషం ఆలోచించింది.

"కుడి మోకాలు" అన్నది. "దిగేటప్పుడు. దసరా నుంచి."